కొన్న ధర కంటే తక్కువకు అమ్మే దుకాణానికి ఆ డబ్బు ఎలా తిరిగి వస్తుంది?

ప్రశ్నార్థకం

పెద్ద దుకాణాలు కొన్ని సరుకులను తాము కొన్న ధర కంటే తక్కువకే అమ్ముతాయని, అలాంటి సరుకును లాస్ లీడర్ అంటారని చదివాను. ఎందుకని ఎవరిని అడిగినా జనాన్ని రప్పించడానికే అంటున్నారు. అంతవరకు అర్థమైంది. అర్థం కానిది లెక్క. వచ్చినవాళ్లు ఆ ఒక్కటే కొనుక్కుని వెళ్లిపోతే ఏమవుతుంది? ఎప్పుడూ వచ్చేవాళ్లే వచ్చి, మామూలు ధరకు కొనాల్సినదాన్ని చౌకగా కొనుక్కుంటే ఏమవుతుంది? పోయిన డబ్బు తిరిగి వచ్చిందో లేదో దుకాణానికి ఎలా తెలుస్తుంది? ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

నిమ్మళం

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదండి. గడువు దగ్గర పడిన సరుకు, అమ్ముడుపోక గోదాములో మిగిలిన సరుకు ఉంటుంది. పారబోసే బదులు ఎంతకో అంతకు ఇచ్చేస్తారు. సగం డబ్బు వచ్చినా మేలే కదా.

వేగుచుక్క

అది కాదు. కిటుకంతా పరిమాణంలో ఉంది. ధర తగ్గిస్తే అమ్మకాలు మూడు నాలుగు రెట్లు పెరుగుతాయి. అంత పెద్ద మొత్తంలో కొంటున్నారు కాబట్టి తయారీదారు వాళ్లకు తగ్గింపు ఇస్తాడు. చివరికి ఎక్కువ అమ్మి లాభం తెచ్చుకుంటారు. పెద్ద దుకాణాలు నష్టానికి అమ్ముతున్నాయంటే నేను నమ్మను.

ధరలపట్టిక

నేను ఒక సూపర్‌మార్కెట్ గొలుసు సంస్థలో ధరలు నిర్ణయించే విభాగంలో చాలాకాలం పనిచేశాను. ప్రశ్నార్థకం గారు అడిగిన ప్రశ్నే మా సమావేశాల్లో అందరికంటే గట్టిగా వినిపించే ప్రశ్న. కాబట్టి కాస్త నిడివిగానే రాస్తాను.

ముందుగా నిమ్మళం గారు చెప్పిన దాని గురించి. గడువు దగ్గర పడిన సరుకు మీద పెట్టిన డబ్బు ఎలాగూ పోయినట్టే, కాబట్టి ఎంత వస్తే అంత. లాస్ లీడర్ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. మామూలు ధరకు పెట్టినా చక్కగా అమ్ముడయ్యే సరుకునే ఎంచుకుని, తెలిసి తెలిసి తక్కువకు ఇస్తారు. అందరికీ ధర గుర్తుండే సరుకు అయితేనే ఈ పని జరుగుతుంది. మామూలు ధర ఎంతో తెలియని వస్తువును తగ్గించినా ఎవరూ బయలుదేరి రారు.

వేగుచుక్క గారి మాటలో సగం నిజం ఉంది. తయారీదారు ఇచ్చే తోడ్పాటు నిజమే. బిల్లులో 100 అని ఉంటుంది, కానీ ఈ వారం తగ్గించి అమ్మిన ప్రతి ప్యాకెట్టుకు తయారీదారు 20 వెనక్కి ఇస్తానని ఒప్పుకుంటాడు. అప్పుడు దుకాణానికి అసలు పడింది 80. దాన్ని 85కు అమ్మితే బయటివాళ్లకు నష్టంగా కనిపిస్తుంది గానీ లోపల 5 మిగులుతోంది. ‘నష్టానికి అమ్మకం’ అని మనం అనుకునే వాటిలో చాలావాటికి వెనుక ఇదే ఉంటుంది. అయితే ఆ తోడ్పాటు లేనప్పుడు, లేదా ఇచ్చింది చాలనప్పుడు, ఎక్కువ అమ్మడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్కో ప్యాకెట్టు మీద 15 పోతుంటే వెయ్యి ప్యాకెట్ల మీద 15,000 పోతుంది, రెండు వేల మీద 30,000. అలాంటి అమ్మకాలు నిజంగానే ఉన్నాయి. నేనే చేయించాను.

ఇప్పుడు అసలు లెక్క. అంకెలు కల్పితం, నిష్పత్తులు మాత్రం నేను చూసిన తరహావే.

ఒక దుకాణం బట్టల సబ్బుపొడి ప్యాకెట్టును 100కు కొని 110కి అమ్ముతోంది. వారానికి 400 ప్యాకెట్లు పోతాయి, అంటే వారానికి 4,000 మిగులు. ఒక వారం ధర 85 చేసి ప్రకటన ఇచ్చింది. 1,500 ప్యాకెట్లు అమ్ముడయ్యాయి. ప్యాకెట్టుకు 15 చొప్పున 22,500 పోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ వారం మామూలుగా రావాల్సిన 4,000 కూడా రాలేదు కదా, దాన్నీ కలపాలి. కాబట్టి ఈ ప్రకటన ఖర్చు 26,500.

ఇక రాబడి వైపు. ఆ వారం మామూలు కంటే 500 మంది ఎక్కువ వచ్చారనుకుందాం. వాళ్లలో 150 మంది సబ్బుపొడి మాత్రమే తీసుకుని వెళ్లారు. మిగిలిన 350 మంది ఇతర సరుకులు కూడా బుట్టలో వేసుకున్నారు. ఆ ఇతర సరుకుల మీద ఒక్కో బుట్టకు సగటున 60 మిగిలింది. 350 మందికి 21,000.

26,500 పెట్టి 21,000 తెచ్చుకున్నారు. 5,500 నష్టం. ఆ వారం దుకాణం కిటకిటలాడి ఉంటుంది, మొత్తం అమ్మకాల అంకె చూసి మేనేజరు సంతోషించి ఉంటాడు. అయినా నష్టమే.

ప్రశ్నార్థకం

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఒక సందేహం. ఎప్పుడూ వచ్చేవాళ్లు కూడా ఆ వారం బుట్ట నిండా కొని ఉంటారు కదా? వాళ్ల మీద మిగిలింది ఎందుకు కలపలేదు?

ధరలపట్టిక

వాళ్లు ప్రకటన లేకపోయినా వచ్చేవాళ్లు, ఆ సరుకులు ఎలాగూ కొనేవాళ్లు. ఆ మిగులు ప్రకటన వల్ల వచ్చింది కాదు. దుకాణాలు లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. సబ్బుపొడి ఉన్న బిల్లులన్నీ తీసి, ‘చూడండి, ఈ బిల్లుల్లో మిగతా సరుకుల మీద ఎంత లాభం వచ్చిందో’ అని చూపిస్తారు. అందులో సగానికి పైగా పాత కొనుగోలుదారులవే. నష్టం మాత్రం ప్యాకెట్టు తీసుకున్న ప్రతి ఒక్కరి మీదా పడుతుంది. రాబడిలో లెక్కకు వచ్చేది ప్రకటన లేకపోతే వచ్చి ఉండని మనుషుల బుట్టలు మాత్రమే.

దీన్ని పట్టుకునే మార్గాలు రెండు. సభ్యత్వ కార్డు ఉంటే, ఆ వారం వచ్చినవాళ్లలో అంతకు ముందు రెండు మూడు నెలలు రానివాళ్లు ఎవరో తెలుస్తుంది. గొలుసు సంస్థ అయితే అలాంటిదే మరో శాఖలో ఆ వారం ధర తగ్గించకుండా ఉంచి, రెండు చోట్లా ఎంతమంది వచ్చారో పోల్చి చూస్తారు. రెండో పద్ధతినే నేను ఎక్కువ నమ్ముతాను. కార్డు వాడకుండా కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

గల్లాపెట్టె

నాది చిన్న కిరాణా కొట్టు. మీరు రాసిన లెక్కకు అవతలి వైపు ఉన్న మనిషిని నేను. మా వీధి చివర ఉన్న పెద్ద దుకాణం ఒక సరుకును అమ్మే ధర, నాకు టోకు వ్యాపారి వేసే ధర కంటే తక్కువ. మొదటిసారి చూసినప్పుడు చాలా కోపం వచ్చింది. తర్వాత నేనే వెళ్లి వాళ్ల దగ్గర కొని తెచ్చి నా కొట్టులో పెట్టాను. నాలాంటి వాళ్లు ఇంకా కొందరు అదే పని చేశారు. ఆ తర్వాత వాళ్లు మనిషికి రెండే అని బోర్డు పెట్టారు.

నాకు కావలసిన జవాబు ఒకటే. ఆ సరుకు ధర నేను కూడా తగ్గించాలా? నా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు మూడు వస్తువులకే వస్తారు. తగ్గిస్తే మిగిలేది లేదు, తగ్గించకపోతే ఎక్కువ ధరకు అమ్ముతున్నానని పేరు వస్తుంది.

ధరలపట్టిక

గల్లాపెట్టె గారూ, ఆ ‘మనిషికి రెండే’ బోర్డు ఎందుకు వచ్చిందో పై లెక్కతోనే చూపిస్తాను. అక్కడ 1,500 ప్యాకెట్లు పోవడానికి కారణం ఇళ్లవాళ్లు ఒక్కరే కాదు. తిరిగి అమ్ముకోవడానికి సంచుల కొద్దీ తీసుకెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. పరిమితి పెట్టాక అమ్మకం 900కు పడిపోయిందనుకుందాం. నష్టం 13,500, రాని మిగులు 4,000, మొత్తం 17,500. సబ్బుపొడి ఒక్కటే కొనే 150 మందిలో కొందరు రావడం మానేస్తారు, వాళ్లు రాకపోతే దుకాణానికి మేలే. బుట్ట నింపుకునే 350 మందికి రెండు ప్యాకెట్లు చాలు, వాళ్లు వస్తారు. రాబడి 21,000 అలాగే ఉంటుంది. 5,500 నష్టం ఉన్నచోట 3,500 మిగులు వచ్చింది. మారింది ఆ బోర్డు ఒక్కటే.

అయితే ఆ 3,500 కూడా పూర్తిగా వాళ్లది కాదు. సబ్బుపొడి నిలవ ఉండే సరుకు. ఈ వారం రెండు ప్యాకెట్లు తీసుకెళ్లిన పాత కొనుగోలుదారు వచ్చే వారం కొనడు. తర్వాతి రెండు వారాల్లో వారానికి 400 బదులు 250 ప్యాకెట్లే అమ్ముడైతే, ప్యాకెట్టుకు 10 చొప్పున మొత్తం 3,000 తగ్గుతుంది. చివరికి చేతిలో మిగిలేది 500. అందుకే పాలు, గుడ్ల లాంటి నిలవ పెట్టుకోలేని, తరచూ కొనే సరుకులంటే ధరలు వేసేవాళ్లకు ఇష్టం. ఎవరూ నెలకు సరిపడా పాలు కొని పెట్టుకోరు.

మీ ప్రశ్నకు నా జవాబు: తగ్గించకండి. రెండు మూడు వస్తువులు ఉన్న బుట్టలో ఒకదాని మీద పోయింది మిగతా రెండింటి మీద తిరిగి రాదు. ఈ పద్ధతి బుట్ట పెద్దదైతేనే నిలబడుతుంది. ఆ సరుకును తక్కువగా నిలవ పెట్టండి, వీలైతే వాళ్లు తగ్గించని పరిమాణంలో, చిన్న ప్యాకెట్టులో పెట్టండి.

నిమ్మళం

బుట్ట పెద్దదైతేనే అన్నారు కదా. అలాంటప్పుడు ఏ సరుకును ఎంచుకోవాలో కూడా దాన్ని బట్టే ఉండాలి. పసిపిల్లల డైపర్లు కొనేవాళ్లు ఒక్క డైపర్లకే ఎందుకు వస్తారు? ఇంట్లో పసిబిడ్డ ఉంటే కొనాల్సినవి బోలెడు ఉంటాయి.

ధరలపట్టిక

సరిగ్గా అదే. పాట్రిక్ డిగ్రాబా అనే ఆర్థికవేత్త 2006లో ఇదే వాదన చేశాడు. దుకాణం తగ్గింపు ఇస్తున్నది పైకి వస్తువు మీద, నిజానికి ఎక్కువ లాభం తెచ్చే కొనుగోలుదారుకు. ఎవరి బుట్ట పెద్దదో వాళ్లు తప్పకుండా కొనే వస్తువును తగ్గిస్తే చాలు, వేరే జల్లెడ అక్కర్లేదు. డైపర్లు అందుకు చక్కగా సరిపోతాయి. చూయింగ్ గమ్ సరిపోదు, ఎందుకంటే దాన్ని అందరూ కొంటారు, చాలామంది అదొక్కటే కొంటారు.

వేగుచుక్క

ఏమైనా ఇది చిన్న వ్యాపారులను చంపడానికి పెట్టిన ధర. చిన్న కొట్టు మూతపడ్డాక పెద్ద దుకాణం ధరలు పెంచేస్తుంది. ఇది ఎక్కడైనా చట్టవిరుద్ధమే. గల్లాపెట్టె గారు ఫిర్యాదు చేయాలి.

న్యాయపీఠిక

ఎక్కడైనా చట్టవిరుద్ధం అనడం సరికాదు. దేశాన్ని బట్టి, ఒకే దేశంలో రాష్ట్రాన్ని బట్టి కూడా మారుతుంది. ఫ్రాన్స్‌లో కొన్న సరుకును అదే స్థితిలో నష్టానికి తిరిగి అమ్మడం 1963 నుంచి నిషేధం. 2019లో ఆహార సరుకులకు ఇంకా బిగించి, కొన్న ధర మీద కనీసం 10 శాతం కలిపి అమ్మాలన్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం లాస్ లీడర్‌ను పేరు పెట్టి మరీ నిషేధిస్తుంది, కానీ పోటీదారును దెబ్బతీసే ఉద్దేశం వంటివి రుజువు కావాలి. అమెరికా సమాఖ్య చట్టం కింద దావా వేస్తే, 1993లో బ్రూక్ గ్రూప్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రెండు షరతులు దాటాలి. ధర ఖర్చు కంటే తక్కువని చూపాలి, పోయిన డబ్బును తర్వాత ధరలు పెంచి రాబట్టుకునే అవకాశం బలంగా ఉందని కూడా చూపాలి. ఆ రెండోది చాలా కష్టం.

ఈ చర్చకు బాగా దగ్గరగా ఉన్న కేసు ఒకటి ఉంది. ఆర్కన్సా రాష్ట్రంలోని కాన్వే పట్టణంలో కొన్ని మందుల దుకాణాలు వాల్‌మార్ట్ మీద దావా వేశాయి. కొన్ని మందులను, ఇతర సరుకులను కొన్న ధర కంటే తక్కువకు అమ్ముతోందని ఆరోపణ. అలా అమ్ముతున్నట్టు వాల్‌మార్ట్ కాదనలేదు. కింది కోర్టు 1993లో మందుల దుకాణాల పక్షాన తీర్పు ఇచ్చింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 1995లో దాన్ని కొట్టేసింది. ఏవో కొన్ని వస్తువులు నష్టానికి అమ్మినంత మాత్రాన పోటీని నాశనం చేసే ఉద్దేశం ఉన్నట్టు కాదని మెజారిటీ న్యాయమూర్తుల అభిప్రాయం. వస్తువులు మారుతూ ఉన్నాయి, మొత్తం మీద దుకాణం లాభంలోనే ఉంది, కాన్వేలో పోటీ కూడా ఇంకా మిగిలే ఉంది. ఒక్కో వస్తువును విడిగా చూడాలా, బుట్టను మొత్తంగా చూడాలా అన్న ప్రశ్న మీదే కేసు తిరిగింది. న్యాయమూర్తులు కూడా ఏకాభిప్రాయానికి రాలేదు.

గల్లాపెట్టె గారు ఫిర్యాదు చేయాలనుకుంటే ముందు తమ ప్రాంతంలోని చట్టం తెలిసిన న్యాయవాదిని అడగడం మంచిది. ధరలపట్టిక గారు చెప్పిన తయారీదారు తోడ్పాటు సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. బయట కనిపించే ధరను బట్టి నష్టానికి అమ్ముతున్నారని రుజువు చేయలేరు. లోపలి ఒప్పందాలు బయటికి రావాలి.

వేగుచుక్క

కోర్టులో రుజువు కాకపోతే తప్పు కాదని అర్థమా? ఒక్కో వీధిలో ఒక్కో కొట్టు మూతపడుతుంటే ‘మొత్తం మీద పోటీ ఉంది’ అనే మాట ఆ కొట్టు మనిషికి ఎందుకు పనికొస్తుంది? నా అభిప్రాయం మారలేదు.

ధరలపట్టిక

వేగుచుక్క గారి ఆవేదనను నేను తోసిపుచ్చను. చిన్న కొట్టును మూయించే ఉద్దేశం లేకపోయినా దానికి దెబ్బ తగలవచ్చు. ఝిజున్ చెన్, పాట్రిక్ రే అనే ఆర్థికవేత్తలు 2012లో చూపించింది అదే. పెద్ద దుకాణం తన దగ్గర, చిన్న కొట్టు దగ్గర రెండుచోట్లా దొరికే సరుకును నష్టానికి పెట్టి, తన దగ్గర మాత్రమే దొరికే వాటి ధర పెంచుతుంది. ఒకేచోట అన్నీ కొనేవాళ్లకు మొత్తం బిల్లు మారదు. రెండు మూడు కొట్లు తిరిగి ఓపికగా కొనేవాళ్లు మాత్రం ఎక్కువ చెల్లిస్తారు, ఎందుకంటే పెద్ద దుకాణంలో వాళ్లు కొనేవి సరిగ్గా ఆ ధర పెరిగిన సరుకులే. పోటీదారు మూతపడకుండానే ఇదంతా లాభసాటిగా సాగుతుంది. కోర్టులు వెతికేది మూయించే ఉద్దేశం కాబట్టి వాళ్లకు ఇది దొరకదు.

ప్రశ్నార్థకం

అమెరికాలోని కాస్ట్‌కో అనే పెద్ద దుకాణాల సంస్థ అమ్మే కాల్చిన కోడిని ఎక్కడ చూసినా ఉదాహరణగా ఇస్తారు. 4.99 డాలర్ల ధర ఏళ్ల తరబడి మారలేదట. అది ఒక వారం ప్రకటన కాదు కదా, మరి మీ లెక్క దానికి వర్తిస్తుందా?

ధరలపట్టిక

మంచి ప్రశ్న. అది ఇంకో రకం. 2015లో ఆ సంస్థ ఆర్థిక వ్యవహారాల అధిపతి రిచర్డ్ గాలంటీ చెప్పినదాన్ని బట్టి, ఇతరులు ధరను 5.99కి పెంచినప్పుడు తాము 4.99 దగ్గరే ఉంచినందుకు ఏడాదికి 3 నుంచి 4 కోట్ల డాలర్ల మిగులు వదులుకున్నారు. జాగ్రత్తగా చూడండి, అది వదులుకున్న మిగులు. కోళ్లను కొన్న ధర కంటే తక్కువకు అమ్మి చేతి నుంచి అంత పోగొట్టుకున్నామని ఆయన అనలేదు. ఈ రెండింటినీ కలిపేసి రాసేవాళ్లే ఎక్కువ.

శాశ్వతంగా తక్కువ ధర పెడితే తర్వాతి వారాల అమ్మకాలు పడిపోవడం అనే బెడద ఉండదు, ఎందుకంటే నిలవ చేసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. పైగా కాస్ట్‌కోలో కొనాలంటే వార్షిక రుసుము కట్టి సభ్యులు కావాలి. నికర లాభంలో పెద్ద భాగం ఆ రుసుముదే. అంటే కోడి ధర చూసి వచ్చినవాడు వెంటనే బుట్ట నింపకపోయినా, సభ్యత్వం పొడిగించుకుంటే చాలు. ఖర్చును కూడా అలాగే వదిలేయలేదు. 2019లో నెబ్రాస్కాలో సొంత కోళ్ల ప్రాసెసింగ్ కర్మాగారం తెరిచి, ధర పెంచకుండా ఖర్చు తగ్గించుకునే దారి పట్టారు.

గల్లాపెట్టె

మీరు చెప్పినట్టు చిన్న ప్యాకెట్లు తెప్పించాను. ఇంకొక్కటి అడుగుతాను. తగ్గింపు చూసి అక్కడికి వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోతారా? మీ అనుభవంలో ఏమిటి? నాకు ధర కంటే అదే భయం.

ధరలపట్టిక

దీని మీద మా విభాగంలోనే ఎప్పుడూ ఒకమాట కుదరలేదు. కొత్తగా వచ్చినవాళ్లు తర్వాత కూడా వస్తారని, అందుకే ఆ వారం కొంచెం నష్టం వచ్చినా పర్వాలేదని ప్రకటనల విభాగం వాదించేది. కార్డుల వివరాలు తీసి చూస్తే, ధర కోసం వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ ధర తగ్గినప్పుడే కనిపించేవాళ్లు. ఉండిపోయినవాళ్లు ఎక్కువగా దగ్గరలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు. వాళ్లు ప్రకటన లేకపోయినా వచ్చేవాళ్లేనా అన్నది తేల్చలేకపోయాం.

నిమ్మళం

అయితే గల్లాపెట్టె గారు ఆ తగ్గింపు వారంలో ఎవరెవరు రాలేదో రాసి పెట్టుకుంటే సరి. తర్వాతి నెలలో వాళ్లలో ఎంతమంది తిరిగి వచ్చారో చూస్తే, అవతలి దుకాణానికి కూడా తెలియని సంగతి మీకు తెలుస్తుంది.

గల్లాపెట్టె

ఖాతా పుస్తకం ఉన్నవాళ్ల వరకు చూడగలను. మిగతావాళ్లు ముఖపరిచయమే. ఈ నెల నుంచి మొదలుపెడతాను, ఏమైనా తేలితే ఇక్కడే రాస్తాను.